పిల్లులకు తిండి పెట్టే చోటు: సొసైటీ కమిటీకి రాసే అర్జీలో ఏముండాలి

చంద్రపూర్, బల్లార్‌పూర్ పట్టణాల్లో బొగ్గు గనుల కోసమో, కాగితం మిల్లు కోసమో, థర్మల్ కేంద్రం కోసమో వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు వారిలో ఎందరో అపార్ట్‌మెంట్ సొసైటీల్లో ఉంటున్నారు. ఇంట్లో మాట తెలుగే అయినా సొసైటీ కాగితాలన్నీ మరాఠీలో నడుస్తాయి. ఆవరణలో తిరిగే పిల్లులకు రోజూ ఇంత తిండి పెట్టే గృహిణికో, పదవీ విరమణ చేసిన ఉద్యోగికో ఏదో ఒక రోజు కమిటీ నుంచి అభ్యంతరం వస్తుంది. కారు బానెట్ మీద గీతలు పడ్డాయని ఒకరు, మెట్ల కింద పాల గిన్నెకు చీమలు పట్టాయని మరొకరు, పిల్లలు ఆడుకునే ఇసుకలో మలం కనిపించిందని ఇంకొకరు ఫిర్యాదు చేసి ఉంటారు. అప్పుడు తిండి పెట్టే మనిషి కమిటీకి ఒక అర్జీ రాయవలసి వస్తుంది. ఈ వ్యాసం ఆ అర్జీ గురించే.

సాధారణంగా మొదటిసారి రాసే అర్జీ ఇలా ఉంటుంది: ‘మన ఆవరణలో మూగజీవాలు ఆకలితో అలమటిస్తున్నాయి. వాటికి రోజూ కొంచెం అన్నం పెట్టుకోవడానికి కమిటీవారు దయతో అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థన.’ ఇందులోని భావం నిజమైనదే. కానీ కమిటీ నిర్ణయించడానికి తగిన విషయం ఇందులో ఒక్కటీ లేదు. ఎక్కడ పెడతారు, ఏ వేళకు పెడతారు, గిన్నె ఎవరు తీస్తారు, పిల్లులు ఎన్ని, రేపు అవి పెరిగితే ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలకు జవాబు లేనప్పుడు కార్యదర్శి ముందు మిగిలేవి ఒప్పుకోవడం, కాదనడం అనే రెండు దారులే. ఫిర్యాదు చేసినవారు ముగ్గురు, అడుగుతున్నది ఒకరు అయినప్పుడు ఏ కమిటీ అయినా కాదనే అంటుంది. ఆ కమిటీలో ఉన్నవారు పిల్లికి బిచ్చం పెట్టనివారు కావడం వల్ల అలా జరగదు. ఫిర్యాదులకు జవాబు చెప్పుకోవలసింది వారే కాబట్టి అలా జరుగుతుంది.

పైగా ఆ అర్జీ అనుమతి అడుగుతున్న పని అప్పటికే జరుగుతోంది. మూడు చోట్ల, ముగ్గురు మనుషులు, ఒకరికొకరు చెప్పుకోకుండా తిండి పెడుతూనే ఉంటారు. కమిటీ కాదన్నంత మాత్రాన అది ఆగదు. పగలు పెట్టేవారు రాత్రి పెడతారు, గిన్నెలో పెట్టేవారు కాగితం మీద వేసి వెళ్లిపోతారు, దాంతో ఫిర్యాదులకు కారణమైన చెత్త ఇంకా పెరుగుతుంది. అందువల్ల తిండి పెట్టవచ్చా లేదా అన్నది అర్జీలో అడగవలసిన ప్రశ్న కాదు. ఇప్పుడు చెల్లాచెదురుగా జరుగుతున్న పనిని ఒక చోటికి, ఒక వేళకు, ఒక బాధ్యత కిందికి తేవడానికి కమిటీ ఒప్పుకుంటుందా అన్నది అడగాలి.

చట్టం సంగతి ముందే చూసుకోవడం మంచిది. ఎందుకంటే చాలామంది దీనిని అర్జీ మొదటి వాక్యంలోనే కర్రలా ఎత్తుతారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నియమాలను ప్రకటించింది. వాటిలో 20వ నియమం తిండి పెట్టడం గురించే ఉంది. ఆవరణలో ఉండే సముదాయ జంతువులకు తిండి పెట్టే ఏర్పాటు చూడవలసిన బాధ్యతను ఆ నియమం నివాసుల సంఘం మీద, అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం మీద పెడుతుంది. తిండి పెడుతున్న నివాసిని ఆ ఏర్పాటులో కలుపుకోవాలని చెబుతుంది. చోటును పరస్పర అంగీకారంతో నిర్ణయించాలి. అది పిల్లలు ఆడుకునే స్థలానికి, రాకపోకల ద్వారాలకు, మెట్లకు వీలైనంత దూరంగా ఉండాలి. పిల్లలు, వృద్ధులు తక్కువగా తిరిగే వేళను ఎంచుకోవాలి. తిండి పెట్టే మనిషి అక్కడ చెత్త మిగల్చకూడదు, సంఘం పెట్టిన మార్గదర్శకాలను పాటించాలి.

అంటే ఈ నియమం రెండు వైపులా కట్టు వేస్తుంది. తిండి పెట్టడాన్ని మొత్తంగా నిషేధిస్తూ సొసైటీ ఠరావు చేస్తే అది నియమానికి ఎదురు వెళ్లడమే అవుతుంది. తనకు నచ్చిన మెట్ల కింద, నచ్చిన వేళకు పెట్టే హక్కు మాత్రం ఈ నియమం నివాసికి ఇవ్వదు. ఇంకొక పరిమితి కూడా ఉంది. నియమం ‘సముదాయ జంతువులు’ అనే విస్తృతమైన పదాన్ని వాడినా, చోటు నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసిన సంఖ్యలు, హద్దుల గురించి చెప్పేటప్పుడు కుక్కలనే దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతుంది. పిల్లుల స్వభావం వేరు కాబట్టి ఆ వివరాలను అర్జీదారే సమకూర్చాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వును కమిటీ సభ్యులు ముందుకు తెచ్చే అవకాశం ఉంది. వీధుల్లో తిండి పెట్టకూడదని, వార్డుల్లో అందుకు ప్రత్యేక స్థలాలు కేటాయించాలని చెప్పిన ఆ ఉత్తర్వు వీధికుక్కల గురించినది. అయినా కనబడిన చోటల్లా పెట్టవద్దని, చోటు నిర్ణయించి పెట్టమని అందులో ఉన్న ఆలోచన ఈ అర్జీకి అనుకూలమే.

ఒప్పందం కుదరకపోతే ఏమిటన్నది కూడా 20వ నియమమే చెబుతుంది. ప్రధాన పశువైద్యాధికారి లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన పోలీసు, జంతు సంక్షేమ ప్రతినిధులు, ఫిర్యాదీ, సంఘం ప్రతినిధి ఉండే జంతు సంక్షేమ కమిటీ చోటును నిర్ణయిస్తుంది. ఈ దారి ఉన్నదని అర్జీ చివర ఒక్క వాక్యంలో గుర్తు చేస్తే చాలు. మొదటి పేరాలోనే రాస్తే అర్జీ కాస్తా నోటీసుగా మారుతుంది, కమిటీ వకీలును వెతుక్కుంటుంది.

భాష విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. సొసైటీ ఫిర్యాదుల్లో సాధారణంగా ‘భట్కీ మాంజరే’ అని రాస్తారు, అంటే తిరుగుబోతు పిల్లులు. ఎక్కడి నుంచో వచ్చినవి, వెళ్లగొడితే పోయేవి అన్న భావం ఆ మాటలోనే ఉంది. నియమాల్లోని పదం వేరు. ఎవరూ యాజమాన్యం చెప్పుకోని, ఆ ప్రాంతంలోనే పుట్టిన, వన్యప్రాణి కాని జంతువు అన్న అర్థంలో వాటిని సముదాయ జంతువులంటారు. మరాఠీ అర్జీలో కూడా ఈ అర్థం వచ్చే మాటే వాడాలి.

ఇక వివరాలకు వద్దాం. ఊహకు ఒక సొసైటీని తీసుకుందాం. మూడు వింగులు, 48 ఫ్లాట్లు. ముందు గేటు, పక్కన పార్కింగు, మధ్యలో పిల్లల ఆటస్థలం, సి వింగు వెనుక ప్రహరీ గోడకు ఆనుకుని నీటి పంపు గది ఉన్నాయి. అర్జీదారు పది రోజుల పాటు ఉదయం, సాయంత్రం ఫోనులో ఫోటోలు తీసి లెక్క పెట్టగా ఏడు పిల్లులు తేలాయి: ఎదిగిన ఆడవి మూడు, మగవి రెండు, నాలుగు నెలల పిల్లలు రెండు. అందరూ నోటికి వచ్చినట్టు ‘ఇరవై ముప్పై పిల్లులు’ అంటున్న సొసైటీలో ఈ లెక్క ఎంతో పని చేస్తుంది. ఒకే పిల్లి మూడు చోట్ల తింటే ముగ్గురూ దానిని విడివిడిగా లెక్కపెడతారు. రంగు, తోక, చెవి గుర్తులతో ఒక్కో పిల్లికి ఒక్కో వరుస రాసి ఫోటో అంటిస్తే అర్జీకి అదే ముఖ్యమైన జతపత్రం అవుతుంది.

చోటు ఎంపికలో మనుషులకు ఏది ఇబ్బంది కాదో అందరూ ఆలోచిస్తారు కానీ, పిల్లికి ఏది కావాలో ఆలోచించరు. వెనుక గోడ ఆసరా ఉండి, పారిపోవడానికి కనీసం రెండు దారులున్న చోట పిల్లి నిశ్చింతగా తింటుంది. నాలుగు వైపులా మూసిన మూలలో పెడితే బలమైన పిల్లి దారికి అడ్డంగా కూర్చుంటుంది, బెదురు పిల్లి మళ్లీ పార్కింగుకే పోతుంది. పంపు గది వెనుక గోడ పొడవునా పది అడుగుల స్థలం ఉంటే రెండు గిన్నెలను దూరదూరంగా పెట్టవచ్చు. అక్కడే మూడడుగుల ఎత్తున ఒక రాతి పలక బిగిస్తే పిల్లులు ఎగిరి తింటాయి, కుక్కలకు, పందులకు అంత సులభంగా అందదు. విద్యుత్ మీటర్ల గది పక్కన మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. మిగిలిన తిండికి ఎలుకలు వస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

అర్జీల్లో దాదాపు ఎప్పుడూ కనిపించని అసలు విషయం మలవిసర్జన. తిండి చోటు మారినంత మాత్రాన ఆటస్థలంలోని ఇసుక శుభ్రపడదు. పిల్లి తిన్న చోట మలవిసర్జన చేయదు, తవ్వి కప్పడానికి వీలైన మెత్తటి పొడినేలను వెతుక్కుంటుంది. ఆవరణంతా సిమెంటు చేసి ఒక్క ఆటస్థలంలోనే ఇసుక పోసినప్పుడు అది అక్కడికి కాక మరెక్కడికి వెళుతుంది? కాబట్టి తిండి పలకకు ఎనిమిది పది మీటర్ల దూరంలో, నీడలో, నాలుగడుగుల చదరంలో ఇసుక పోసిన మడి ఒకటి అడగాలి. దానిని రోజూ ఒకసారి చిన్న పారతో శుభ్రం చేసే బాధ్యతను అర్జీదారే రాసి ఒప్పుకోవాలి. ఆటస్థలం ఇసుక మీద రాత్రిపూట టార్పాలిన్ కప్పడం కమిటీ వంతు. ఈ రెండూ కలిసి జరిగితేనే ఫలితం ఉంటుంది. కప్పకుండా కొత్త మడి ఒక్కటే పెడితే అలవాటుపడిన పిల్లులు పాత చోటునే వాడుతాయి.

పాత చోట్ల నుంచి కొత్త చోటికి మార్పు ఒక్కరోజులో జరగదు. బి వింగు మెట్ల కింద ఉన్న గిన్నెను రోజుకు రెండేసి మీటర్లు జరుపుకుంటూ పోతే ముప్పై మీటర్ల దూరానికి పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మిగతా ఇద్దరూ పాత చోట్ల పెట్టడం మానాలి. వారి సంతకాలు కూడా అర్జీ కింద ఉండాలనడానికి కారణం ఇదే. ఒక్కరు మానకపోయినా పిల్లులు రెండు చోట్లా తింటాయి, కమిటీ కంటికి కొత్తగా ఇంకో చెత్తచోటు చేరినట్టే కనబడుతుంది.

తిండి, వేళల విషయం. తెలుగిళ్లలో పిల్లికి పాలన్నమో పెరుగన్నమో పెట్టడం అలవాటు. పిల్లి మాంసాహారి, దానికి కావలసిన టౌరిన్ అనే పోషకం అన్నంలో దొరకదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు, విరేచనాలవుతాయి, అది మళ్లీ ఆవరణలోనే కనిపిస్తుంది. పైగా సగం తిని వదిలేసిన అన్నానికే చీమలు, కాకులు, ఎలుకలు చేరుతాయి. పొడి పిల్లితిండి అయితే నాలుగు కిలోల పిల్లికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది. ఏడింటికి కలిపి రోజుకు సుమారు 400 గ్రాములు. దీన్ని రెండు పూటలుగా పంచి పెట్టి, అరగంట తర్వాత గిన్నెలు తీసేయాలి. చికెన్ దుకాణం నుంచి తెచ్చిన కాలేయం, ముక్కలు ఉడికించి పెట్టేవారు ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర మాత్రం కలపకూడదు. అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముకలు కూడా వేయకూడదు. గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెడితే చీమలు పట్టవు.

చంద్రపూర్‌లో వేళ విషయంలో మరో కారణం కూడా ఉంది. పట్టణం అంచున దుర్గాపూర్ గనులు, థర్మల్ కేంద్రం పరిసరాల్లో చిరుతలు, పులులు తిరుగుతాయి. 2022లో అక్కడ వాటి దాడుల్లో మనుషులు చనిపోయారు. చిరుత జనావాసాలకు దగ్గరగా రావడానికి ఒక ముఖ్యమైన ఆకర్షణ చెత్త చుట్టూ చేరే కుక్కలు, పందులు. కాబట్టి అడవి అంచు కాలనీల్లో రాత్రి తిండి వదిలేయడం పిల్లుల సమస్యను దాటి మనుషుల భద్రత సమస్య అవుతుంది. ఉదయం వెలుతురు వచ్చాక, సాయంత్రం చీకటి పడే ముందే పని ముగిసేలా వేళను అర్జీలో రాయాలి. చలికాలంలో సాయంత్రం వేళను ముందుకు జరపాలి. నీటి విషయంలో మాత్రం ఇలా గంటలు పెట్టకూడదు. మేలో 45 డిగ్రీలు దాటే ఊరిలో నీళ్ల తొట్టి రోజంతా ఉండాలి. దానిని రోజూ పారబోసి, తోమి నింపితే దోమల గుడ్లు పెరిగే వ్యవధి ఉండదు, ఎందుకంటే గుడ్డు దోమ కావడానికి సుమారు వారం పడుతుంది.

కమిటీ మనసులో ఉండే అసలు భయం మరొకటి: తిండి పెడితే పిల్లులు పెరుగుతాయి. ఈ భయాన్ని తోసిపుచ్చకూడదు, ఎందుకంటే అది సగం నిజం. పిల్లి గర్భం తొమ్మిది వారాలు, అంటే 63 నుంచి 65 రోజులు. అయిదారు నెలల వయసులోనే చూలు కట్టగలదు. ఈతకు నాలుగు పిల్లలు, ఏడాదికి రెండు ఈతలు అనుకుంటే మన ఉదాహరణలోని మూడు ఆడ పిల్లులు ఏడాదిలో 24 పిల్లల్ని కంటాయి. చాలా పిల్లలు చనిపోతాయి, అయినా సంఖ్య పెరుగుతుంది. ఇప్పుడున్న రెండు చిన్నవాటిలో ఆడది ఉంటే రెండు నెలల్లో అదీ ఈ లెక్కలో చేరుతుంది. శస్త్రచికిత్స మాట లేకుండా తిండి చోటు మాత్రమే అడిగే అర్జీ ఏడాది తర్వాత ఓడిపోతుంది, ఓడిపోవడం న్యాయం కూడా.

అయితే ఆ శస్త్రచికిత్స సాధ్యం కావడానికే తిండి చోటు కావాలి. వీధిపిల్లిని చేత్తో పట్టుకోవడం కష్టం, ప్రమాదం. రోజూ ఒకే వేళకు ఒకే చోటికి వచ్చి తినడం అలవాటయిన పిల్లిని బోనుతో పట్టడం తేలిక. ముందు కొన్ని రోజులు తలుపు తెరిచి కట్టేసిన బోను లోపలే తిండి పెడతారు. పట్టే ముందు రోజు సాయంత్రం తిండి ఆపుతారు, ఉదయం బోను తలుపు పడేలా అమరుస్తారు. పట్టిన వెంటనే బోనును గుడ్డతో కప్పితే పిల్లి శాంతిస్తుంది. ముందుగా ఆడ పిల్లులకు చేయించాలి. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొనను కొద్దిగా కత్తిరిస్తారు, దూరం నుంచి చూసినా దానికి శస్త్రచికిత్స అయిందని తెలుస్తుంది. అదే సందర్భంలో రేబిస్ టీకా వేయించాలి. ఈ పనిని పెద్ద ఎత్తున చేసే సంస్థకు భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఊళ్లో అలాంటి సంస్థ లేకపోతే పశువైద్యుని దగ్గర ఒక్కొక్కటిగా చేయించాలి. ఖర్చు ఎవరు పెడతారో అర్జీలో రాయకపోతే ఈ పని సగంలో ఆగిపోతుంది.

వీటన్నిటినీ పట్టి దూరంగా వదిలేయమని ఒక సభ్యుడు తప్పక అంటాడు. ఒంటరిగా కొత్త చోట పడిన పిల్లి బతకడం కష్టం. సొసైటీ కోణం నుంచి చూసినా లాభం లేదు. చెత్తకుండీ, ఎలుకలు, నీడ అలాగే ఉన్నప్పుడు ఖాళీ అయిన చోటికి పక్క కాలనీ పిల్లులు వస్తాయి, వాటికి శస్త్రచికిత్స అయి ఉండదు. రాత్రుళ్లు నిద్ర చెడగొట్టే అరుపులు, మగ పిల్లుల కొట్లాటలు, గోడల మీద ఘాటైన మూత్రపు వాసన ఎక్కువగా సంతాన కాలానికి సంబంధించినవి. శస్త్రచికిత్స అయిన కొన్ని వారాల్లో అవి బాగా తగ్గుతాయి. ఈ తేడాను కమిటీ చెవితో వినగలదు, ముక్కుతో పసిగట్టగలదు. అందుకే అర్జీలో శస్త్రచికిత్సను ఊరికే మాటిచ్చినట్టుగా కాక తేదీలతో రాయాలి.

ఆరోగ్యం గురించిన అభ్యంతరాల్లో గర్భిణుల విషయమే బలమైనది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు. ఎలుకలను, పచ్చి మాంసాన్ని తిని మొదటిసారి అది సోకిన పిల్లి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల పాటే దానిని విసర్జిస్తుంది. మలం బయటపడ్డాక అది అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇసుక మడిని రోజూ శుభ్రం చేయాలన్న షరతుకు ఉన్న అసలు ఆధారం ఇదే, ఆ పని గర్భిణులు చేయకూడదు. పచ్చి మాంసం పెట్టకూడదనే నియమానికి కూడా ఇదే కారణం. కరిచినా, గీరినా పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న సూచన నోటీసు బోర్డు మీద ఉండాలి. టీకా వేసిన పిల్లి అని దీనిని వాయిదా వేయకూడదు.

ఇన్ని వివరాలున్నా అర్జీ ఒక పేజీ దాటనవసరం లేదు. దాని నడుము భాగం ఇలా ఉండవచ్చు: ‘సి వింగు వెనుక పంపు గది గోడ వద్ద తిండి పలక, దాని నుంచి పది మీటర్ల దూరంలో ఇసుక మడి ఏర్పాటుకు మూడు నెలల ప్రయోగ అనుమతి కోరుతున్నాము. ఉదయం 6.30కు, సాయంత్రం 5.30కు తిండి పెట్టి, అరగంటలో గిన్నెలు తీసి, స్థలం కడుగుతాము. బి వింగు మెట్ల కింది గిన్నెను పదిహేను రోజుల్లో అక్కడికి జరుపుతాము, మిగతా చోట్ల పెట్టడం నేటి నుంచి మానుతున్నాము. మూడు ఆడ పిల్లులకు మొదటి నెలలో, మిగిలినవాటికి మూడో నెలలోగా శస్త్రచికిత్స, టీకా మా ఖర్చుతో చేయించి రసీదులు సమర్పిస్తాము. స్థలం శుభ్రంగా లేదని కమిటీ నెలలో రెండుసార్లు రాసి చూపితే చోటు మార్చడానికి అంగీకరిస్తాము.’ చివరి వాక్యం చాలామందికి లొంగిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అర్జీకి బలం ఇచ్చేది అదే, ఎందుకంటే ఒప్పుకున్నాక తన చేతిలో ఏమీ ఉండదన్న కమిటీ భయాన్ని అదే తీరుస్తుంది. ‘చోటు మార్చడానికి’ అన్న మాటను మాత్రం ‘తిండి ఆపడానికి’ అని మార్చనివ్వకూడదు.

అర్జీని కార్యదర్శి చేతికి ఊరికే ఇవ్వకూడదు. వచ్చిన కాగితాలు నమోదు చేసే ఆవక్ రిజిస్టరులో నంబరు వేయించి, రెండో ప్రతి మీద అందినట్టు పోచ్ తీసుకోవాలి. కమిటీ ఒప్పుకుంటే ఆ ఠరావులో చోటు, వేళ, గడువు మూడూ రాయించాలి. ‘చర్చించి అంగీకరించడమైనది’ అని మాత్రమే ఉంటే వచ్చే ఏడాది కొత్త కమిటీకి అది అర్థం కాదు.

మూడు నెలల్లో ఏర్పాటు చెడుతున్నదో లేదో కొన్ని గుర్తులు చెబుతాయి. చెవి కొన కత్తిరించని కొత్త ముఖం ఫోటోల పట్టికలో చేరితే అది పక్క నుంచి వచ్చినదా, ఎవరో తెచ్చి వదిలినదా చూడాలి. తిండి చోటు ఉందని తెలిసి ఇంట్లోని పిల్లిని తెచ్చి వదిలేవారు ఉంటారు. పెంపుడు జంతువును అలా వదలడం 1960 చట్టం 11వ సెక్షను కింద నేరమని పలక దగ్గర రాసి పెట్టాలి. అరగంట తర్వాత గిన్నెలో తిండి మిగులుతుంటే మరెవరో ఇంకెక్కడో పెడుతున్నారని అర్థం. ఏదైనా పిల్లి రెండు రోజులు రాకపోతే జబ్బు చేసిందో, ఈనిందో వెతకాలి.

అన్నిటికంటే తరచుగా ఏర్పాటు చెడేది మాత్రం తిండి పెట్టే మనిషి ఊరికి వెళ్లినప్పుడు. మంచిర్యాలలో పెళ్లికని, సిర్పూరులో పెద్దల సంవత్సరీకమని పది రోజులు వెళితే పలక ఖాళీగా ఉంటుంది. పిల్లులు మూడో రోజుకే పాత మెట్ల కింద అరుస్తాయి, ఎవరో జాలిపడి అక్కడే పెడతారు, నెలల శ్రమ వెనక్కి పోతుంది. అందువల్ల అర్జీ కింద ఒక సంతకం చాలదు. తిండి పెట్టేవారి పేరు పక్కన, వారు లేనప్పుడు పెట్టేవారి పేరు, ఫ్లాటు నంబరు, సంతకం కూడా ఉండాలి.